దాల్చిన చెక్క అణువులో ఎనిమిది ప్రోటాన్లు: కెమికల్ షిఫ్ట్‌ను ముందుగా అంచనా వేయడం

దాల్చిన చెక్కకు ఆ ఘాటైన తీపి వాసన తెచ్చేది సిన్నమాల్డిహైడ్ అనే ద్రవం. దాని ఫార్ములా C9H8O. నిర్మాణం చూస్తే ఒక చివర బెంజీన్ వలయం, మధ్యలో ఒక ద్విబంధం, మరో చివర ఆల్డిహైడ్ సమూహం ఉంటాయి. అణువులోని ఎనిమిది హైడ్రోజన్లలో అయిదు వలయానికీ, రెండు ద్విబంధానికీ, ఒకటి ఆల్డిహైడ్‌కూ చెందుతాయి. హైడ్రోజన్ కేంద్రకాలు, అంటే ప్రోటాన్లు, అయస్కాంత క్షేత్రంలో ఇచ్చే సంకేతాలను చదివే ప్రోటాన్ ఎన్ఎంఆర్ పద్ధతిని నేర్చుకునే విద్యార్థిని ఎక్కువగా తికమక పెట్టే మూడు రకాల ప్రోటాన్లూ ఇలా ఒకే చిన్న అణువులో పక్కపక్కనే దొరకడం అరుదు. అందుకే ఈ వ్యాసానికి దీన్నే ఉదాహరణగా ఎంచుకున్నాను. స్పెక్ట్రం తీయకముందే, కాగితం మీద నిర్మాణం మాత్రమే చూసి, ఈ ఎనిమిది ప్రోటాన్లు ఎక్కడెక్కడ కనిపిస్తాయో చెప్పగలమా? చెప్పగలం. అయితే దానికి ఒక్క ఋణవిద్యుదాత్మకత చాలదు. అది ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవడమే ఇందులో అసలు పని.

ముందుగా షీల్డింగ్ అంటే ఏమిటో చూద్దాం. అయస్కాంత క్షేత్రంలో ఉంచిన ప్రోటాన్ చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు ఆ క్షేత్రం ప్రభావంతో కదిలి, దానికి వ్యతిరేక దిశలో ఒక చిన్న క్షేత్రాన్ని పుట్టిస్తాయి. కాబట్టి ప్రోటాన్‌కు అందేది బయటి క్షేత్రం కంటే రవ్వంత తక్కువ. ఎలక్ట్రాన్లు ఒక గొడుగులా అడ్డుపడుతున్నాయని అనుకోవచ్చు. గొడుగు దట్టంగా ఉంటే పీక్ స్పెక్ట్రంలో కుడివైపున, చిన్న పీపీఎం విలువల దగ్గర వస్తుంది. పలచబడితే ఎడమకు జరుగుతుంది. పీపీఎంలో చెప్పే ఈ పీక్ స్థానమే కెమికల్ షిఫ్ట్. సున్నా స్థానాన్ని టెట్రామిథైల్‌సిలేన్‌కు ఇచ్చారు. అందులో సిలికాన్‌కు కార్బన్ కంటే ఋణవిద్యుదాత్మకత తక్కువ కావడం వల్ల మిథైల్ ప్రోటాన్ల చుట్టూ ఎలక్ట్రాన్లు దట్టంగా ఉంటాయి. సాధారణ కర్బన సమ్మేళనాల పీక్‌లు దాదాపు అన్నీ దానికి ఎడమవైపే పడతాయి. 400 మెగాహెర్ట్జ్ యంత్రంలో ఒక పీపీఎం అంటే 400 హెర్ట్జ్. ఈ లెక్క తరువాత అవసరమవుతుంది.

ఋణవిద్యుదాత్మకత ఎంతవరకు

మిథైల్ హాలైడ్ల వరుసలో ఋణవిద్యుదాత్మకత ప్రభావం చాలా స్పష్టంగా కనిపిస్తుంది. మిథైల్ ఫ్లోరైడ్ ప్రోటాన్లు 4.26 దగ్గర, క్లోరైడ్‌వి 3.05 దగ్గర, బ్రోమైడ్‌వి 2.68 దగ్గర, అయొడైడ్‌వి 2.16 దగ్గర వస్తాయి. పౌలింగ్ కొలమానంలో ఈ హాలోజన్ల విలువలు వరుసగా 3.98, 3.16, 2.96, 2.66. హాలోజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే కొద్దీ గొడుగు పలచబడుతోంది. ఒకే కార్బన్ మీద హాలోజన్లు పెరిగితే ఈ ప్రభావం ఇంకా పెరుగుతుంది. డైక్లోరోమీథేన్ 5.30 దగ్గర, క్లోరోఫాం 7.26 దగ్గర వస్తాయి. దూరం పెరిగితే మాత్రం ప్రభావం వేగంగా తగ్గిపోతుంది. 1-క్లోరోప్రొపేన్‌లో క్లోరిన్ ఉన్న కార్బన్ మీది ప్రోటాన్లు 3.5 దగ్గర ఉంటే, పక్క కార్బన్‌వి 1.8 దగ్గరకు, చివరి మిథైల్‌వి 1.0 దగ్గరకు వచ్చేస్తాయి. ఒక్కొక్క బంధం దాటేసరికి లాగే బలం సగానికి పైగా సన్నగిల్లుతుంది.

ఈ ఉదాహరణల మధ్యలో ఒక విషయం గమనించాలి. క్లోరోఫాం ప్రోటాన్ వచ్చే 7.26, బెంజీన్ ప్రోటాన్లు వచ్చే 7.36 దాదాపు ఒకే చోట ఉన్నాయి. మొదటిదానికి కారణం మూడు క్లోరిన్లు ఎలక్ట్రాన్లను లాగడం. రెండవదాని దగ్గర అలా లాగే పరమాణువు ఒక్కటి కూడా లేదు. అంటే పీక్ ఉన్న చోటును చూసి అది అక్కడికి ఏ కారణం వల్ల వచ్చిందో చెప్పలేం. కారణం నిర్మాణంలోనే వెతకాలి. ‘ఏడు పీపీఎం దగ్గర ఉంది కాబట్టి ఆరోమాటిక్’ అని ఆలోచించకుండా రాసే అలవాటు ఎందుకు ప్రమాదకరమో ఇక్కడే తెలుస్తుంది.

ఆల్కీన్: కార్బన్ స్వభావం, పక్క బంధం ప్రభావం

ఈథేన్ ప్రోటాన్లు 0.9 దగ్గర వస్తే, ఈథిలీన్ ప్రోటాన్లు 5.3 నుంచి 5.4 మధ్యకు చేరతాయి. ఒక పై, అంటే π, బంధం చేరినందుకే దాదాపు నాలుగున్నర పీపీఎం మార్పు వచ్చింది. దీనికి రెండు కారణాలు చెబుతారు. మొదటిది, ద్విబంధంలోని కార్బన్ ఎస్‌పీ2 సంకరణంలో ఉంటుంది. దాని కక్ష్యల్లో ఎస్ స్వభావం 25 శాతం నుంచి 33 శాతానికి పెరగడంతో, కార్బన్ తానే కొంత ఎక్కువ ఋణవిద్యుదాత్మకత చూపుతూ హైడ్రోజన్ ఎలక్ట్రాన్లను దగ్గరకు తీసుకుంటుంది. రెండవది, బయటి క్షేత్రంలో ద్విబంధపు ఎలక్ట్రాన్లు పుట్టించే స్థానిక క్షేత్రం అన్ని దిశల్లో ఒకేలా ఉండదు. ద్విబంధం ఉన్న తలంలో, అంటే ఈ ప్రోటాన్లు ఉన్న చోట, అది బయటి క్షేత్రానికి తోడవుతుంది. దిశను బట్టి మారే ఈ ప్రభావాన్ని అసమదిశా ప్రభావం అంటారు.

ఎస్ స్వభావం ఒక్కటే కారణమైతే ఎసిటిలీన్ ప్రోటాన్లు ఇంకా ఎడమకు పోవాలి. అక్కడి కార్బన్‌లో ఎస్ స్వభావం 50 శాతం. కానీ ఎసిటిలీన్ పీక్ ఈథిలీన్ కంటే బాగా కుడివైపున, రెండు పీపీఎం చుట్టుపక్కల వస్తుంది. త్రిబంధం చుట్టూ ఎలక్ట్రాన్లు గొట్టంలా తిరుగుతాయి. ఆ గొట్టపు అక్షం మీదే ఉండే హైడ్రోజన్‌కు వాటి క్షేత్రం బయటి క్షేత్రానికి ఎదురుగా వచ్చి రక్షణ ఇస్తుంది. కాబట్టి షిఫ్ట్‌కు రెండు ఖాతాలు ఉన్నాయి. ఒకటి ఆ ప్రోటాన్ మీద ఎంత ఎలక్ట్రాన్ సాంద్రత మిగిలిందన్నది. రెండవది పక్క ఎలక్ట్రాన్లు పుట్టించే క్షేత్రంలో ఆ ప్రోటాన్ ఏ స్థానంలో కూర్చుందన్నది. ఈ రెండింటినీ కలిపే చూడాలి. పాఠ్యపుస్తకాల్లో ద్విబంధం మీద గీసే శంకువుల బొమ్మ గుర్తుపెట్టుకోవడానికి బాగా ఉపయోగపడుతుంది. అయితే ద్విబంధానికి చాలా దగ్గరగా ఉన్న ప్రోటాన్ల విషయంలో ఆ బొమ్మ చెప్పేదానితో క్వాంటం రసాయన గణనలు అన్నిచోట్లా ఏకీభవించవు. కాబట్టి ఆ బొమ్మ నుంచి దిశను తీసుకోవచ్చు గాని అంకెను తీసుకోకూడదు.

అంకె కోసం ఆల్కీన్లకు ఒక సులువైన కూడిక పద్ధతి ఉంది. 1966లో పాస్క్వల్, మయర్, సైమన్ అనే శాస్త్రవేత్తలు అనేక ఆల్కీన్ల విలువల నుంచి దీన్ని రాబట్టారు. ఈథిలీన్‌కు 5.25 అని మొదలుపెట్టి, మనం చూస్తున్న హైడ్రోజన్‌తో ఒకే కార్బన్ మీద ఉన్న సమూహానికి ఒక విలువ, ఎదుటి కార్బన్ మీద అదే వైపున ఉన్నదానికి మరొక విలువ, వ్యతిరేక వైపున ఉన్నదానికి ఇంకొక విలువ కలుపుతూ పోవాలి. వీటిని జెమ్, సిస్, ట్రాన్స్ విలువలంటారు. ఫినైల్‌కు ఇవి వరుసగా 1.38, 0.36, మైనస్ 0.07. ఆల్డిహైడ్ సమూహానికి 1.02, 0.95, 1.17.

ఇప్పుడు సిన్నమాల్డిహైడ్‌కు వద్దాం. సహజంగా దొరికేది ట్రాన్స్ రూపం, అంటే ఫినైల్, ఆల్డిహైడ్ సమూహాలు ద్విబంధానికి ఎదురెదురు వైపుల ఉంటాయి. ఆల్డిహైడ్ పక్కనున్న కార్బన్ మీది హైడ్రోజన్‌ను ఆల్ఫా అనీ, వలయం పక్కనున్నదాన్ని బీటా అనీ పిలుద్దాం. బీటా హైడ్రోజన్‌కు ఫినైల్ జెమ్ అవుతుంది, ఆల్డిహైడ్ సిస్ అవుతుంది. ఆల్ఫా హైడ్రోజన్‌కు ఆల్డిహైడ్ జెమ్, ఫినైల్ సిస్. ఇక్కడ విద్యార్థులు తరచూ పొరబడతారు. ఫినైల్, ఆల్డిహైడ్ ఒకదానికొకటి ట్రాన్స్ కాబట్టి విలువ కూడా ట్రాన్స్‌దే తీసుకోవాలనుకుంటారు. చూడవలసింది ఆ సమూహానికీ మనం లెక్కిస్తున్న హైడ్రోజన్‌కూ మధ్య సంబంధం మాత్రమే. నిర్మాణం గీసి, ఆ హైడ్రోజన్ మీద వేలు పెట్టి చూస్తే తప్పు జరగదు.

```
δ  = 5.25 + Z(gem) + Z(cis) + Z(trans)
Hβ = 5.25 + 1.38 + 0.95 = 7.58
Hα = 5.25 + 1.02 + 0.36 = 6.63
```

డ్యూటీరియం క్లోరోఫాంలో తీసిన స్పెక్ట్రంలో బీటా 7.47 దగ్గర, ఆల్ఫా 6.71 దగ్గర కనిపిస్తాయి. రెండు అంచనాలూ దాదాపు 0.1 పీపీఎం తేడాతో సరిపోయాయి. చేతిలో కాగితం తప్ప ఏమీ లేకుండా ఇంత దగ్గరగా రావడం నాకు ఇప్పటికీ సంతోషం కలిగించే విషయం. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. వేర్వేరు పుస్తకాల్లో ఈ పట్టిక కాస్త భిన్నమైన విలువలతో ఉంటుంది. కొన్నిటిలో మొదటి అంకె 5.25కు బదులు 5.28 ఉంటుంది. ఏ పట్టిక తీసుకున్నా మొదటి అంకె, కలిపే అంకెలు అన్నీ దాని నుంచే తీసుకోవాలి గాని ఒకటి ఇక్కడా ఒకటి అక్కడా తీసుకోకూడదు.

అంకెలు సరిపోవడం కంటే వాటి వరుస ఆసక్తికరమైనది. ఆక్సిజన్‌కు దగ్గరగా ఉన్నది ఆల్ఫా. క్లోరోప్రొపేన్‌లో నేర్చుకున్న దూరపు సూత్రం ప్రకారం ఆల్ఫాయే ఎడమవైపున ఉండాలి. కానీ ఒక బంధం అవతల ఉన్న బీటా దానికంటే 0.76 పీపీఎం ఎడమకు పోయింది. ఇందులో కొంత భాగం బీటా కార్బన్ మీద నేరుగా ఉన్న ఫినైల్ వలయానిది. అయితే అది మొత్తం కథ కాదని ఆల్డిహైడ్ విలువల పట్టికే చెబుతోంది. ఎదుటి కార్బన్ మీద ఉన్నా ఆల్డిహైడ్ ప్రభావం 0.95, 1.17గా ఉంది. ఒకే కార్బన్ మీద ఉన్నప్పటి 1.02తో అది దాదాపు సమానం. దూరం పెరిగినా బలం తగ్గలేదు. కారణం రెజొనెన్స్. కార్బొనైల్ సమూహం ద్విబంధంతో సంయుగ్మంలో ఉన్నప్పుడు పై ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ వైపు జరుగుతాయి, ఆ లోటు బీటా కార్బన్ మీద ధనావేశంగా తేలుతుంది. సిగ్మా బంధాల గుండా లాగడం దూరంతో క్షీణిస్తుంది, కానీ పై వ్యవస్థ గుండా లాగడం ఒక కార్బన్ విడిచి ఒక కార్బన్ మీద కనిపిస్తుంది.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ఉదాహరణ మిథైల్ వినైల్ ఈథర్. ఆక్సిజన్ ఉన్న కార్బన్ మీది ప్రోటాన్ 6.5 చుట్టుపక్కల ఉంటే, చివరి కార్బన్ మీది రెండు ప్రోటాన్లు 4 దగ్గరకు వచ్చేస్తాయి. అంటే ఈథిలీన్ కంటే కూడా కుడివైపుకు. ఋణవిద్యుదాత్మకత మాత్రమే తెలిసినవారికి ఇది అసాధ్యంగా తోస్తుంది. ఆక్సిజన్ సిగ్మా బంధం ద్వారా లాగుతూనే, తన ఒంటరి జంటను పై వ్యవస్థలోకి పంపుతుందనీ, ఆ ఎలక్ట్రాన్లు చివరి కార్బన్ మీద చేరి గొడుగును దట్టం చేస్తాయనీ గ్రహిస్తే చిక్కు విడిపోతుంది.

ఆల్డిహైడ్ ప్రోటాన్ ఎందుకంత దూరం

సిన్నమాల్డిహైడ్‌లో ఆల్డిహైడ్ ప్రోటాన్ 9.70 దగ్గర వస్తుంది. అసెటాల్డిహైడ్‌లో అది 9.8, బెంజాల్డిహైడ్‌లో 10.0. ఈ ప్రాంతంలో వేరే రకం పీక్‌లు అరుదు కాబట్టి గుర్తుపట్టడం తేలికే. ఎందుకు అంత ఎడమకు పోయిందో చెప్పడంలోనే పొరపాటు జరుగుతుంది. ఎంఎస్సీ మౌఖిక పరీక్షల్లో ‘ఆక్సిజన్ ఋణవిద్యుదాత్మకత వల్ల’ అనే ఒక్క జవాబు నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. ఆ జవాబు తప్పు కాదు గాని సగమే. దానికి ఒక చిన్న పరీక్ష పెట్టవచ్చు. ఆల్డిహైడ్ కార్బన్‌కు ఇంకొక ఆక్సిజన్ తగిలిస్తే ఏమవ్వాలి? మిథైల్ ఫార్మేట్‌లో ఆ హైడ్రోజన్ ఉన్న కార్బన్‌కు రెండు ఆక్సిజన్లు ఉన్నాయి. ఋణవిద్యుదాత్మకత ఒక్కటే లెక్కకు వస్తే పీక్ 10 దాటిపోవాలి. కానీ అది 8.1 దగ్గరే ఆగుతుంది. రెండవ ఆక్సిజన్ తన ఒంటరి జంటను కార్బొనైల్ కార్బన్‌కు ఇచ్చి, దాని ధనావేశాన్ని తగ్గిస్తుంది. డైమిథైల్ ఫార్మమైడ్‌లో నత్రజని అదే పని చేస్తుంది, అక్కడ విలువ 8.0 దగ్గరుంటుంది.

కాబట్టి ఆల్డిహైడ్ ప్రోటాన్ స్థానం కనీసం మూడు ప్రభావాల మొత్తం. కార్బన్ ఎస్‌పీ2 స్వభావం ఆల్కీన్‌లో లాగే ఇక్కడా ఉంది. కార్బొనైల్ కార్బన్ మీద పాక్షిక ధనావేశం ఉంది. ఇక ప్రోటాన్ కార్బొనైల్ తలంలోనే, దాని స్థానిక క్షేత్రం బయటి క్షేత్రానికి తోడయ్యే చోట కూర్చుని ఉంది. సంయుగ్మం బీటా కార్బన్ వైపు నుంచి ఎలక్ట్రాన్లను కార్బొనైల్‌కు చేరవేయడం వల్ల సిన్నమాల్డిహైడ్‌లో ఆల్డిహైడ్ ప్రోటాన్ అసెటాల్డిహైడ్ కంటే రవ్వంత కుడికి జరిగింది. ఈ 0.1 తేడాను ముందుగా కచ్చితంగా చెప్పగలమని నేను అనను. 9.5 నుంచి 10 మధ్య అని రాయడమే నిజాయితీగల అంచనా.

వలయ ప్రవాహం, దాని అసలు ఋజువు

బెంజీన్ కార్బన్లూ ఎస్‌పీ2వే, ఈథిలీన్‌వీ ఎస్‌పీ2వే. అయినా బెంజీన్ ప్రోటాన్లు 7.36 దగ్గర, రెండు పీపీఎం ఎడమకు ఉంటాయి. బెంజీన్‌లోని ఆరు పై ఎలక్ట్రాన్లు బయటి క్షేత్రంలో వలయం చుట్టూ ప్రవహిస్తాయన్న ఆలోచనను లైనస్ పౌలింగ్ 1936లోనే, బెంజీన్ అయస్కాంత ధర్మాలను వివరించడానికి వాడాడు. జాన్ పోపుల్ 1956లో దాన్ని ప్రోటాన్ షిఫ్ట్‌లకు అన్వయించాడు. తీగచుట్టలో లాగే ఆ ప్రవాహం ఒక క్షేత్రాన్ని పుట్టిస్తుంది. వలయం మధ్యలో, దాని పైనా కిందా అది బయటి క్షేత్రానికి ఎదురు తిరుగుతుంది. వలయం వెలుపలి అంచున మాత్రం రేఖలు తిరిగి వచ్చి బయటి క్షేత్రంతో కలుస్తాయి. బెంజీన్ హైడ్రోజన్లన్నీ వెలుపలి అంచునే ఉన్నాయి కాబట్టి అన్నీ ఎడమకు పోతాయి.

ఇది నిజమైతే, వలయం లోపల హైడ్రోజన్లు ఉన్న అణువు దొరికితే అవి కుడికి పోవాలి. అలాంటి అణువు ఉంది. పద్దెనిమిది కార్బన్ల వలయమైన 18-యాన్యులీన్‌లో పన్నెండు హైడ్రోజన్లు బయటికీ, ఆరు లోపలికీ చూస్తాయి. చల్లబరిచి మైనస్ 60 డిగ్రీల దగ్గర స్పెక్ట్రం తీస్తే బయటివి 9.28 దగ్గర, లోపలివి మైనస్ 2.99 దగ్గర కనిపిస్తాయి. ఒకే అణువులో, ఒకే రకం కార్బన్ మీద ఉన్న హైడ్రోజన్ల మధ్య పన్నెండు పీపీఎంకు పైగా తేడా ఉంది. ఏ ఋణవిద్యుదాత్మకతా ఈ తేడాను వివరించలేదు. స్థానం ఒక్కటే వివరిస్తుంది.

సిన్నమాల్డిహైడ్ వలయంలో అయిదు ప్రోటాన్లు ఉన్నాయి. బెంజీన్ విలువ 7.36 నుంచి మొదలుపెడదాం. వాటికి తగిలి ఉన్నది నేరుగా ఆల్డిహైడ్ కాదు, మధ్యలో ద్విబంధం ఉంది. పోలికకు బెంజాల్డిహైడ్‌ను చూస్తే అక్కడ ఆర్థో ప్రోటాన్లు 7.88కు, పారా 7.63కు, మెటా 7.53కు జరిగాయి. ఆర్థో, పారా స్థానాల మీద రెజొనెన్స్ వల్ల ఏర్పడే లోటు, ఆర్థో మీద అదనంగా పక్కనే ఉన్న కార్బొనైల్ స్థానిక క్షేత్రం పనిచేస్తాయి. సిన్నమాల్డిహైడ్‌లో కార్బొనైల్ దూరమవడంతో ఈ విస్తరణ తగ్గాలి. నిజంగానే ఆర్థో ప్రోటాన్లు రెండూ 7.56 దగ్గర, మెటా, పారా మూడూ కలిసి 7.43 దగ్గర వస్తాయి.

స్పెక్ట్రం చేతికి వచ్చాక

మన అంచనాలో ఒక చిక్కు దాగి ఉంది. బీటా ప్రోటాన్ 7.47 దగ్గర వస్తుంది. వలయపు ప్రోటాన్లు 7.43, 7.56 దగ్గర ఉన్నాయి. అంటే బీటా ఆ గుంపు మధ్యలో కలిసిపోతుంది. పక్కనున్న ఆల్ఫా ప్రోటాన్ వల్ల బీటా రెండు గీతలుగా చీలి డబ్లెట్ అవుతుంది, దాని రెండు గీతల మధ్య దూరం 16 హెర్ట్జ్, అంటే 400 మెగాహెర్ట్జ్ దగ్గర 0.04 పీపీఎం. అవి 7.49, 7.45 దగ్గర పడి, ఒకటి తేటగా కనిపించినా రెండవది వలయపు గీతల్లో దాక్కోవచ్చు. ‘ఆల్కీన్లు అయిదు నుంచి ఏడు మధ్య వస్తాయి’ అని బట్టీపట్టినవారు దీన్ని అక్కడ వెతకరు. ఒక ఆల్కీన్ ప్రోటాన్ తక్కువైందని నిర్మాణాన్నే అనుమానిస్తారు. ఈ సందిగ్ధాన్ని తీర్చేది ఇంటిగ్రేషన్.

పీక్ కింది వైశాల్యం ఆ పీక్‌కు కారణమైన ప్రోటాన్ల సంఖ్యకు అనుపాతంలో ఉంటుంది. యంత్రం ఇచ్చేది నిష్పత్తి మాత్రమే. ఏ పీక్‌ను ఒకటిగా తీసుకోవాలో మనమే నిర్ణయించాలి. సిన్నమాల్డిహైడ్‌లో 6.71 దగ్గరి ఆల్ఫా పీక్ ఒంటరిగా, శుభ్రంగా ఉంటుంది. దాన్ని 1.00గా పెడితే, 7.35 నుంచి 7.65 వరకు ఉన్న గుంపు 6 చుట్టూ రావాలి. అయిదు వచ్చి ఉంటే అది వలయమొక్కటే అయ్యేది. ఆరవది బీటా. 7.26 దగ్గరి క్లోరోఫాం గీతను ఈ హద్దుల్లోకి రానివ్వకూడదు. నమూనా పలచగా ఉన్నప్పుడు ఆ ద్రావణి గీత కలిసి 6 కాస్తా 6.5 అయిన సందర్భాలు చాలా ఉంటాయి. అలాంటప్పుడు నిర్మాణాన్ని మార్చే ముందు హద్దులు చూసుకోవాలి.

ఆల్డిహైడ్ పీక్ దగ్గర ఇంకొక సమస్య వస్తుంది. అది తరచూ 1.00 కాకుండా 0.9 దగ్గర ఆగుతుంది. ప్రోటాన్ తక్కువై కాదు. ఒక పల్స్ తరువాత ప్రోటాన్లు ఎంత త్వరగా సమతాస్థితికి వస్తాయో చెప్పే విశ్రాంతి కాలం అన్నిటికీ ఒకటి కాదు. పక్కన వేరే ప్రోటాన్లు తక్కువగా ఉన్న ఆల్డిహైడ్ ప్రోటాన్ నెమ్మదిగా కోలుకుంటుంది. అది పూర్తిగా కోలుకోకముందే తరువాతి పల్స్ పడితే దాని సంకేతం తగ్గుతుంది. 90 డిగ్రీల పల్స్ వాడినప్పుడు పల్స్‌ల మధ్య ఆ విశ్రాంతి కాలానికి అయిదు రెట్లు ఆగితే 99 శాతానికి పైగా కోలుకుంటుంది. విరామాన్ని 30 సెకన్లకు పెంచి మళ్లీ తీసినప్పుడు 0.9 కాస్తా 1.0కు చేరితే తప్పు విరామానిదే. చేరకపోతే నమూనాలో వేరే ఏదో ఉందన్నమాట. అందుకే ఆల్డిహైడ్‌ను ఎప్పుడూ ప్రామాణికంగా పెట్టకూడదు. దాన్ని 1.00గా పెడితే మిగతావన్నీ పెరిగి, గుంపు 6.7గా కనిపిస్తుంది.

ఇక ఆ శుభ్రమైన ఆల్ఫా పీక్‌ను దగ్గరగా చూద్దాం. దానికి ఇద్దరు పొరుగువారున్నారు. ఒక వైపు బీటా ప్రోటాన్, 16.0 హెర్ట్జ్‌తో. మరో వైపు ఆల్డిహైడ్ ప్రోటాన్, 7.7 హెర్ట్జ్‌తో. పొరుగు ప్రోటాన్ల వల్ల కలిగే ఈ రెండు చీలికలు, అంటే కప్లింగ్‌లు, కలిసి నాలుగు గీతలిస్తాయి. 400 మెగాహెర్ట్జ్ యంత్రంలో అవి సుమారు 6.74, 6.72, 6.70, 6.68 దగ్గర పడతాయి. వాటి మధ్య దూరాలు 7.7, 8.3, 7.7 హెర్ట్జ్. పెద్ద కప్లింగ్ చిన్నదానికి దాదాపు రెట్టింపు కావడం వల్ల నాలుగు గీతలూ సమాన దూరంలో ఉన్నట్టు కనబడి, క్వార్టెట్ అని భ్రమ కలిగిస్తాయి. క్వార్టెట్ అనుకున్న విద్యార్థి పక్కన ఒక మిథైల్ సమూహాన్ని గీసేస్తాడు. గీతల ఎత్తు చూస్తే మోసం బయటపడుతుంది. నిజమైన క్వార్టెట్‌లో ఎత్తులు 1:3:3:1 నిష్పత్తిలో ఉంటాయి. ఇక్కడ నాలుగూ దాదాపు ఒకే ఎత్తు. పైగా ఇంటిగ్రేషన్‌లో మూడు ప్రోటాన్ల మిథైల్ పీక్ స్పెక్ట్రంలో ఎక్కడా లేదు. ఆ 16 హెర్ట్జ్ విలువే ఇది ట్రాన్స్ రూపమని కూడా చెబుతుంది. సిస్ అయితే 12 దగ్గర ఉండేది, కూడిక పద్ధతి ప్రకారం ఆల్ఫా 6.20కి, బీటా 7.80కి మారేవి.

షిఫ్ట్ అంచనా, ఇంటిగ్రేషన్ కలిసి పనిచేసే ఒక సందర్భంతో ముగిస్తాను. సిన్నమాల్డిహైడ్ సీసాను చాలాకాలం గాలి తగిలేలా ఉంచితే, అది ఆక్సిజన్‌ను తీసుకుని కొంత సిన్నమిక్ ఆమ్లంగా మారుతుంది. అలాంటి నమూనా స్పెక్ట్రంలో 6.46 దగ్గర ఒక చిన్న డబ్లెట్, 7.80 దగ్గర ఇంకొకటి కనిపించాయనుకుందాం. రెండింటికీ 16 హెర్ట్జ్ దూరమే. కూడిక పద్ధతిలో కార్బాక్సిలిక్ ఆమ్ల సమూహానికి జెమ్ విలువ 0.97, సిస్ విలువ 1.41. ఆల్ఫాకు 5.25, 0.97, 0.36 కలిపితే 6.58, బీటాకు 5.25, 1.38, 1.41 కలిపితే 8.04 వస్తాయి. బీటాకు అంచనా పావు పీపీఎం దాకా ఎక్కువైంది. సంయుగ్మ వ్యవస్థల్లో ఈ పద్ధతికి ఉన్న హద్దు అది. అయినా ఆల్డిహైడ్ కంటే ఆమ్లంలో ఆల్ఫా కుడికి, బీటా ఎడమకు జరుగుతాయన్న దిశ సరిగ్గానే చెప్పింది. ఆల్ఫా ఇప్పుడు నాలుగు గీతలుగా కాక రెండుగా చీలడం కూడా, పక్కన ఆల్డిహైడ్ ప్రోటాన్ లేదని చెబుతోంది.

ఎంత ఆమ్లం ఉందో తెలియాలంటే రెండు అణువుల్లోనూ ఒకే సంఖ్యలో ప్రోటాన్లున్న, ఒకే స్వభావం గల పీక్‌లను పోల్చాలి. రెండింటి ఆల్ఫా ప్రోటాన్లూ అందుకు తగినవి. ఆమ్లపు ఓహెచ్ పీక్ వెడల్పుగా పరుచుకుని నమ్మకం లేనిదిగా ఉంటుంది కనుక దాన్ని వాడకూడదు. 6.71 దగ్గరి వైశాల్యం 1.00 అయితే, 6.46 దగ్గరిది 0.08 అనుకుందాం. అణువుల లెక్కన ఆమ్లం 1.08లో 0.08, అంటే 7.4 శాతం. బరువు లెక్కన కావాలంటే అణుభారాలతో గుణించాలి. ఆల్డిహైడ్‌కు 132.16, ఆమ్లానికి 148.16. ఆమ్లం 0.08 రెట్లు అంటే 11.85. దాన్ని మొత్తం 144.01తో భాగిస్తే 8.2 శాతం వస్తుంది. ఈ రెండు శాతాలను కలగలిపి రాయడం నివేదికల్లో మామూలుగా జరిగే తప్పు. నమూనాను ఈథర్‌లో కరిగించి, సోడియం బైకార్బొనేట్ ద్రావణంతో కడిగి, ఆరబెట్టి, ఈథర్‌ను తీసేసి మళ్లీ స్పెక్ట్రం తీస్తే, 6.46, 7.80 దగ్గరి రెండు డబ్లెట్లూ కలిసి మాయమవ్వాలి. ఒకటి పోయి ఒకటి మిగిలితే ఆ మిగిలినది సిన్నమిక్ ఆమ్లానిది కాదు, లెక్కను మొదటి నుంచి చూసుకోవాలి.